తీర్పు సారాంశంలో సగం మాట చాలదు

సంపాదకులకు నమస్కారం.

కావలి ప్రాంతంలో పారా లీగల్ వాలంటీరుగా పనిచేస్తున్నాను. హిందూ వారసత్వ చట్టం కింద ఆడపిల్లల ఆస్తి హక్కుపై సుప్రీంకోర్టు వినీతా శర్మ కేసులో 2020 ఆగస్టు 11న ఇచ్చిన తీర్పును ఒక న్యాయ సహాయ పత్రిక ఈమధ్య సారాంశంగా అచ్చేసింది. 'సవరించిన 6వ సెక్షను పూర్వ సంఘటన ఆధారితమైన హక్కును కల్పించునని ధర్మాసనము అభిప్రాయపడినది' అని ఉంది. ఉదయగిరి వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడకు దాన్ని చదివి వినిపిస్తే, 'అయితే నాకు వస్తాదా రాదా మేడమ్?' అని అడిగింది. ఆ ప్రశ్నకు ఆ పేజీలో ఎక్కడా జవాబు లేదు.

నన్నడిగితే మొదటి వాక్యం ఇలా ఉండాలి: 'ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఉంది. 2005 సెప్టెంబరు 9 నాటికి తండ్రి బతికి లేకపోయినా ఆ హక్కు పోదు.' కోర్టు తేల్చింది అదే. సెక్షన్ నంబరు దాని తర్వాత వచ్చినా నష్టం లేదు.

ఇక ఎందుకలా తేల్చిందో చెప్పాలి. 2015లో ప్రకాశ్ వర్సెస్ ఫూలవతి కేసులో అదే కోర్టు, ఆ చట్టానికి సవరణ వచ్చిన రోజుకు, అంటే 2005 సెప్టెంబరు 9 నాటికి, తండ్రీ కూతురూ ఇద్దరూ బతికి ఉండాలని చెప్పింది. 2020లో ముగ్గురు జడ్జీల ధర్మాసనం దాన్ని తోసిపుచ్చింది. ఉమ్మడి ఆస్తిలో హక్కు తండ్రి పోయాక సంక్రమించేది కాదు, పుట్టుకతో వచ్చేది. కాబట్టి తండ్రి ఎప్పుడు పోయాడన్న దానితో పని లేదంది. తండ్రి పోయినప్పుడు, ఆయన పోయే ముందే ఆస్తి పంచినట్టు అనుకుని పాత చట్టం ప్రకారం వేసిన ఊహా పంపకం వాటా లెక్క కట్టడానికే తప్ప, దానితో ఆస్తి నిజంగా పంచినట్టు కాదని కూడా చెప్పింది. తర్కం ఇంతే, నాలుగు వాక్యాల్లో అయిపోతుంది.

అసలు కావాల్సింది ఆ తర్వాతి భాగం, అంటే ఇంటికి తీసుకెళ్లగలిగే లెక్క. ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. 6 ఎకరాల పిత్రార్జితం, ఇద్దరు కొడుకులు, 1980లో పెళ్లయిన ఒక కూతురు. తల్లి ముందే పోయింది, తండ్రి వీలునామా రాయకుండా 1998లో పోయాడు. మన రాష్ట్రం 1986లో చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైంది గానీ, అప్పటికే పెళ్లయిన కూతుళ్లకు అది వర్తించలేదు. కాబట్టి పాత లెక్కలో తండ్రికీ కొడుకులకూ తలా 2 ఎకరాలు. తండ్రి 2 ఎకరాలను ముగ్గురు పిల్లలూ పంచుకుంటే కూతురికి దక్కేది సుమారు 66 సెంట్లు. ఈ తీర్పు ప్రకారం, పంపకం జరగకపోతే, తండ్రితో కలిపి నాలుగు వాటాలు, ఒక్కొక్కటి ఎకరంన్నర. తండ్రి వాటాలో అరెకరం కలుపుకుంటే కూతురికి 2 ఎకరాలు. 66 సెంట్లెక్కడ, 2 ఎకరాలెక్కడ!

అయితే పరిమితులు కూడా అంతే స్పష్టంగా రాయాలి, లేకపోతే అనవసరంగా ఆశలు రేపినట్టవుతుంది. 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరు దస్తావేజుతోనో కోర్టు డిక్రీతోనో జరిగిన పంపకాన్ని ఇప్పుడు కదిలించలేం. అంతకుముందే జరిగిన అమ్మకాలదీ అదే దారి. మన పల్లెల్లో అన్నదమ్ములు ఎక్కువగా చెప్పేది, 'మేం పెద్దమనుషుల సమక్షంలో ఎప్పుడో పంచేసుకున్నాం' అని. వట్టి నోటి సాక్ష్యంతో దాన్ని ఒప్పుకోవద్దని కోర్టు చెప్పింది. రెవెన్యూ రికార్డుల్లో విడివిడిగా ఎక్కడం వంటి ప్రభుత్వ పత్రాలు గట్టిగా బలపరిస్తేనే, అదీ అరుదుగా, ఒప్పుకోవచ్చు. తండ్రి స్వార్జితానికి ఈ తీర్పుతో సంబంధం లేదు. దాన్ని ఆయన వీలునామాతో ఎవరికైనా ఇవ్వొచ్చు.

పంపకాల దావా ఇప్పటికే నడుస్తుంటే? ఎవరి వాటా ఎంతో తేల్చే ప్రాథమిక డిక్రీ వచ్చేసినా, ఆస్తిని విడదీసి ఇచ్చే తుది డిక్రీ రాకముందు వాటా మార్చమని అడగవచ్చు. పాత కాగితం చూసి 'అయిపోయింది లేమ్మా' అని వెనక్కి పంపేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి. కొత్తగా దావా వేసేవాళ్లకైతే గడువు టెన్షన్ ఉంది. వాటా లేదని తనను పక్కన పెట్టిన సంగతి తెలిసినప్పటి నుంచి 12 ఏళ్లలోపు కోర్టుకు వెళ్లాలి.

ఇవన్నీ ఒక పేజీలో పడతాయి. చివర్లో మిగిలే చోటులో, ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉందనీ, మండల న్యాయసేవా కమిటీకి వెళ్లేటప్పుడు తండ్రి మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, అడంగల్ నకలు, ఈసీ పట్టుకెళ్లాలనీ, 15100కు ఫోన్ చేయొచ్చనీ వేస్తే చాలు. ఆ పత్రిక వచ్చే సంచికలో ఈ తీర్పునే ఇలా తిరగరాసి వేయాలని, అచ్చుకు ముందు కోర్టు మెట్లెక్కని ఇద్దరు ముగ్గురికి చదివి వినిపించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
కావలి, నెల్లూరు జిల్లా