బటర్ దోసె మీద ఆ నల్ల చుక్కలు

సంపాదకుడి గారికి,

మా నల్లగొండలో ఇప్పుడు ఏ టిఫిన్ సెంటర్‌కు వెళ్లినా బటర్ దోసె ఉంటుంది. మొన్న ఆదివారం పిల్లలను తీసుకెళ్లిన చోట మాస్టర్ పెనం మీద నీళ్లు చిలకరిస్తే చుక్కలు ముత్యాల్లా ఉరికినయి. అట్లా ఉరికితే పెనం 200 డిగ్రీలకు దగ్గర్లో ఉన్నట్టే. దాని మీదనే ఆయన ఇంత వెన్న ముద్ద వేశాడు, పది సెకన్లలో పొగ లేచింది. దోసె తెచ్చి పెడితే కింద నల్ల చుక్కలు, నాలుకకు చేదు. పిల్లలు సగం వదిలేశారు.

తప్పు వెన్నది కాదు. వెన్నలో కొవ్వు 80 శాతం, నీళ్లు 16 శాతం దాకా ఉంటాయి, మిగిలింది పాల పదార్థం, అంటే పాలలోని ప్రోటీన్, చక్కెర. 150 డిగ్రీల దగ్గరే అది మాడి నల్లబడుతుంది.

నెయ్యి కాచేటప్పుడు జరిగేది కూడా ఇదే, కాకపోతే మన అదుపులో జరుగుతుంది. అర కిలో వెన్న సన్న మంట మీద పెడితే మొదట బుడబుడమని చప్పుడు వస్తుంది, అది నీళ్లు పోతున్న చప్పుడు, అవి పోయేదాకా వేడి 100 దాటి పెద్దగా పెరగదు. చప్పుడు తగ్గి, నురుగు సన్నబడి, అడుగున గసి గోధుమ రంగుకు తిరిగితే దించేయాలి. ఆ కమ్మని వాసనంతా గసి వేగడం వల్ల వచ్చిందే. రెండు నిమిషాలు ఆలస్యమైతే నెయ్యంతా మాడు వాసనే. గసి లేకుండా వడగట్టుకుంటే 400 గ్రాముల దాకా వస్తుంది, పొగ రావాలంటే 230 డిగ్రీలు దాటాలి. అందుకే కాలే పెనానికి, పోపుకు నెయ్యి పనికొస్తుంది, వెన్న పనికిరాదు.

రిఫైండ్ నూనె కూడా దాదాపు అంత వేడికి ఆగుతుంది గానీ దానికంటూ రుచి ఉండదు. మన పాలమూరు పల్లీల గానుగ నూనెకు మంచి వాసన ఉంటుంది, కానీ రిఫైండ్ కంటే ముందే పొగ వస్తుంది. మిర్చీలు వేసే మూకుడులో ఏ నూనె పోసినా రాలిన పిండి మాడుతూనే ఉంటుంది, దాన్ని జల్లితో తీసేయకుండా అదే నూనెను మళ్లీ మళ్లీ కాచడం వల్ల అది చిక్కబడి నల్లబడుతుంది. ఇట్లా కాగి చెడిన పదార్థాలు 25 శాతం దాటితే ఆ నూనె వాడొద్దని ఆహార భద్రతా సంస్థ నిబంధన 2018 జూలై నుంచే ఉంది, కొలిచే మీటర్లూ ఉన్నాయి.

ఆహార తనిఖీ అధికారులు ఆ మీటర్ పట్టుకొని సాయంత్రం పూట బండ్ల దగ్గరికి రావాలి, మూకుళ్లు కాగేది అప్పుడే. మాస్టర్లకు కూడా ఒక మాట చెప్పిపోవాలి: దోసె నూనెతోనో నెయ్యితోనో కాల్చండి, వెన్న మాత్రం ప్లేట్లోకి తీశాక పైన వేయండి, ఆ వేడికే అది కరుగుతుంది.

ఒక పాఠకురాలు, నల్లగొండ