వార్షిక నివేదిక: ఒక్కరోజు బ్యాడ్మింటన్ టోర్నమెంటులో కోర్టుల, సమయాల కేటాయింపు

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది మన సంఘం చేపట్టిన మిగతా కార్యక్రమాలు అనుకున్నట్టే జరిగాయి. వాటి వివరాలు, జమాఖర్చులు విడిగా అందజేస్తున్నాం. ఈ నివేదికను టోర్నమెంటుకే కేటాయించడానికి కారణం ఉంది. "నా మ్యాచ్ అంతసేపు ఎందుకు ఆగింది?", "మొదటి రౌండ్లు ఒకే గేముతో ఎందుకు ముగించారు?", "మూడో విభాగంలో ఆడనివ్వలేదేం?" అని చాలామంది అడిగారు. ఈ మూడింటికీ జవాబు ఒకే లెక్కలో ఉంది. ఆ లెక్క సభ్యులందరికీ తెలిస్తే వచ్చే ఏటి నిర్ణయాలు కలిసి తీసుకోవచ్చు.

మనకు దొరికినవి నాలుగు కోర్టులు, ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు. ఎంట్రీలు ఇలా వచ్చాయి: పురుషుల సింగిల్స్‌కు 32 మంది, పురుషుల డబుల్స్‌కు 24 జంటలు, మహిళల సింగిల్స్‌కు 12 మంది, మహిళల డబుల్స్‌కు 8 జంటలు, మిక్స్‌డ్‌కు 16 జంటలు. నాకౌట్‌లో ఒక్కో మ్యాచ్‌కు ఒకరు ఇంటిదారి పడతారు కాబట్టి ఎంట్రీల కంటే మ్యాచ్‌లు ఒకటి తక్కువ. అలా 31, 23, 11, 7, 15 కలిపి 87 మ్యాచ్‌లు.

21 పాయింట్ల మూడు గేముల మ్యాచ్‌కు వార్మప్, విరామాలు, కోర్టు మార్పిడితో కలిపి 40 నిమిషాలు వేసుకున్నాం. రెండు గేముల్లో తేలేవి, మూడో గేముకు వెళ్లేవి కలిపి చూస్తే సగటు అంతే పడుతుంది. అన్ని మ్యాచ్‌లూ అలాగే ఆడిస్తే నాలుగు కోర్టులు ఒక్క నిమిషం ఖాళీ లేకుండా నడిచినా పద్నాలుగున్నర గంటలు కావాలి. మన చేతిలో ఉన్నవి పన్నెండే. అందుకే క్వార్టర్ ఫైనల్స్‌కు ముందున్న 52 మ్యాచ్‌లను 30 పాయింట్ల ఒకే గేముగా పెట్టాం. 29-29 అయినా ముందు 30 చేరినవారిదే గెలుపు. అలాంటి మ్యాచ్‌కు 20 నిమిషాలు చాలు. మిగిలిన 35 మ్యాచ్‌లు మూడు గేములవే. ఈ పద్ధతిలో మొత్తం పని పది గంటల పది నిమిషాలకు దిగింది.

కాగితం మీద ఇంకా రెండు గంటలకు దగ్గరగా మిగిలినట్టే కనిపిస్తుంది. చాలా టోర్నమెంట్లు దెబ్బతినేది ఇక్కడే. కోర్టు ఖాళీగా ఉంటే సరిపోదు, ఆడాల్సిన మనిషి కూడా ఖాళీగా ఉండాలి. ఒకరు సింగిల్స్, డబుల్స్, మిక్స్‌డ్ మూడింట్లోనూ ఫైనల్‌కు చేరారనుకుందాం. పురుషులకు మొదటి రెంటిలో అయిదేసి రౌండ్లు, మిక్స్‌డ్‌లో నాలుగు. అంటే పద్నాలుగు మ్యాచ్‌లు. ఆడే సమయమే 460 నిమిషాలు. మ్యాచ్‌కూ మ్యాచ్‌కూ మధ్య కనీసం అరగంట విశ్రాంతి ఇస్తే మరో 390 నిమిషాలు. మొత్తం పద్నాలుగు గంటలు దాటిపోతుంది. అప్పుడు నలభై కోర్టులు తెచ్చినా ఆ టోర్నమెంటు ఒక్కరోజులో పూర్తి కాదు. అదే రెండు విభాగాలకే పరిమితమైతే ఆ దారి తొమ్మిది గంటల యాభై నిమిషాలు, అంటే పన్నెండు గంటల్లో పడుతుంది. ఒక్కొక్కరికీ రెండే విభాగాలన్న నియమం అందుకే పెట్టాం. విశ్రాంతి తగ్గించి సర్దే మార్గం కార్యవర్గానికి ఏ దశలోనూ సమ్మతం కాలేదు. అలసిన కాళ్లతో మూడో గేము ఆడితే మడమ, మోకాలు దెబ్బతింటాయి.

మ్యాచ్‌ల వరుసకూ ఈ లెక్కే ఆధారం. ఎక్కువ రౌండ్లున్న పురుషుల సింగిల్స్, డబుల్స్‌తో ఉదయం మొదలుపెట్టాం. సింగిల్స్ మొదటి రౌండ్లో పదహారు మ్యాచ్‌లకు గంటా ఇరవై నిమిషాలు పడుతుంది. డబుల్స్ కూడా ఆడేవారిని అందులో ముందుగా పిలిచాం, వారి డబుల్స్ మ్యాచ్‌లను ఆ రౌండు చివర పెట్టాం. దానితో విశ్రాంతి దానంతటదే దొరికింది. క్వార్టర్స్‌తోనే మొదలయ్యే మహిళల డబుల్స్‌ను మధ్యాహ్నానికి ఉంచి, ఒంటిగంటకు ముందు పిలవబోమని ఆ జంటలకు ముందురోజే చెప్పాం.

సమయం, కోర్టు నంబరు ముందే ఖాయం చేసింది తొలి మ్యాచ్‌లకే. ఆ తర్వాత ఒకటే వరుస: ఏ కోర్టు ముందు ఖాళీ అయితే తర్వాతి మ్యాచ్ అక్కడికి. విభాగానికో కోర్టు రాసిచ్చేస్తే చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది. కానీ ఒక కోర్టులో మ్యాచ్ మూడో గేముకు సాగితే ఆ వెనకున్నవాళ్లంతా నిలబడిపోతారు, పక్క కోర్టు ఊరికే పడి ఉంటుంది. కంట్రోల్ టేబుల్ దగ్గర ప్రతి మ్యాచ్‌కూ ఒక చీటీ ఉంచాం. మ్యాచ్ ముగిసిన నిమిషాన్ని చీటీ మీద రాసి, దానికి అరగంట కలిపి, ఆ ఆటగాళ్ల తర్వాతి చీటీ మీద "ఇంతకు ముందు పిలవొద్దు" అని వేశాం. మూడుసార్లు పిలిచి, అయిదు నిమిషాలు చూసి, అప్పటికీ రాకపోతే వాకోవర్. టేబుల్ దగ్గర రోజంతా కూర్చున్న వాలంటీర్లు ఈ పనిని ఎంత శ్రద్ధగా చేశారో అక్కడున్నవారికి తెలుసు. వారికి సంఘం తరఫున మనఃపూర్వక ధన్యవాదాలు.

ఇబ్బంది సెమీస్ దగ్గర వస్తుందని ముందే తెలుసు. పది సెమీఫైనల్స్ మొత్తం సమయాన్ని నాలుగు కోర్టులకు పంచి చూస్తే వంద నిమిషాలే. కానీ రెండు విభాగాల్లో సెమీస్ చేరినవారికి 40, విశ్రాంతి 30, మళ్లీ 40 కలిపి 110 నిమిషాలు కావాలి. దీన్ని గుర్తుపట్టే లక్షణం ఒకటుంది: వరుసలో మ్యాచ్‌లు ఉంటాయి, కోర్టు ఖాళీగా ఉంటుంది, కానీ పిలవదగ్గ చీటీ ఒక్కటీ ఉండదు. సాయంత్రం నాలుగు దాటాక సరిగ్గా ఇదే ఎదురైంది. అప్పటికోసమే మరో విభాగంతో సంబంధం లేని ఆటగాళ్ల మ్యాచ్‌లు రెండు మహిళల డబుల్స్‌లో ఆపి ఉంచాం. వాటిని ఖాళీ కోర్టుల్లోకి పంపాం. ఆ జంటలు ఓపికగా వేచి ఉండడం వల్లే మిగతా టోర్నమెంటు గట్టెక్కింది.

ఫైనల్స్ ఒక్కొక్కటిగా ఒకే కోర్టులో జరిపితే అందరూ చూడొచ్చని పలువురు కోరారు. కోరిక న్యాయమైనదే. కానీ అయిదు ఫైనల్స్ వరుసగా అంటే 200 నిమిషాలు, అంతసేపూ మూడు కోర్టులు ఖాళీ. మనకు మిగులున్న సమయమంతా పోసినా ఆ లోటు పూడదు. రెండు కోర్టుల్లో రెండు, ఒకటి, రెండు చొప్పున మూడు విడతల్లో జరిపితే రెండు గంటలు. అదే చేశాం. ఏ ఫైనల్ ఏ విడతలో అన్నది సెమీస్ ముగిశాకే తేల్చాం. రెండు ఫైనల్స్ ఉన్నవారికి మొదటి, మూడో విడతలు ఇచ్చాం, మధ్యలో 40 నిమిషాలు దొరికాయి. ఇలా చేస్తే ఫైనల్స్‌కు ముందు గడియారంలో మిగిలే వెసులుబాటు 40 నిమిషాలే. అది దాదాపు మొత్తం సెమీస్ దగ్గర ఖర్చయింది. ఫైనల్స్ ఆరుకు కాస్త ముందు మొదలై ఎనిమిదికి కాస్త ముందు ముగిశాయి.

వచ్చే ఏటికి సర్వసభ్య సమావేశం ముందు రెండు దారులు ఉంచుతున్నాం. మొదటిది ఈ ఏటి పద్ధతే. రెండోది, మొదటి రౌండు నుంచే మూడు గేములు. ఇదే నాలుగు కోర్టులు, ఇవే పన్నెండు గంటలు అయితే రెండోదానికి మ్యాచ్‌లు 65కు మించకూడదు. అది కూడా సెమీస్ దగ్గర ఏమాత్రం వెసులుబాటు లేకుండా వేసిన లెక్క కాబట్టి, 60 దగ్గర ఆపాలన్నది కార్యవర్గం అభిప్రాయం. అంటే ఎంట్రీల్లో మూడోవంతుకు దగ్గరగా వెనక్కి పంపాలి. ఎక్కువమంది ఆడాలని కోరుకునే కార్యవర్గంగా మేం మొదటి దారినే సిఫారసు చేస్తున్నాం. ఒక్కొక్కరికీ రెండు విభాగాలన్న నియమం మాత్రం ఏ దారి ఎంచుకున్నా కొనసాగాలి.

ఇట్లు,
కార్యదర్శి, కార్యవర్గం తరఫున