15హెచ్‌తో పాటు ఉత్తరం కూడా ఇవ్వండి

పెన్షనర్ మిత్రులకు నమస్కారం. వడ్డీలో పన్ను కోయవద్దని బ్యాంకుకు ఇచ్చే 15హెచ్ ఫారం ఒక్కటే ఇచ్చి రాకండి. పైన చిన్న ఉత్తరం పెట్టి, రెండో కాపీ మీద బ్యాంకు ముద్ర, తేదీ వేయించుకోండి. నిరుడు నేను అలా చేయలేదు. ఫారం అందలేదన్నారు, వడ్డీలో 13,000 కోత పడింది. రిటర్న్ వేశాకే ఆ డబ్బు తిరిగొచ్చింది. ఈసారి ఇలా రాశాను:

“మేనేజర్ గారికి, నా వయసు 67. 2025-26లో పెన్షన్ 3,60,000, మీ బ్యాంకు డిపాజిట్ల వడ్డీ 1,30,000, మొత్తం 4,90,000 రూపాయలు రావచ్చని అంచనా. దీనిపై నాకు పన్ను పడదు. 15హెచ్, పాన్ కాపీ జతచేశాను. కింద రాసిన మూడు డిపాజిట్ల వడ్డీలో టీడీఎస్ కోయవద్దని మనవి.”

డిపాజిట్ నంబర్లు ఒక్కటీ వదలకండి. మధ్యలో కొత్తది వేస్తే అదీ చెప్పాలి. ఆ బ్యాంకులో వడ్డీ ఏడాదికి లక్ష దాటనివారికి ఈ పని అక్కర్లేదు.