పోచంపల్లి ఇంటర్వ్యూ చిత్రీకరణలో లోపాలపై ఫిర్యాదు

మేనేజర్ గారికి,
వీడియో చిత్రీకరణ సేవల విభాగం,
హైదరాబాద్.

విషయం: మీ బృందం తీసిన ఇంటర్వ్యూలో లైటింగు, ఫ్రేమింగు లోపాలు; మీ ఖర్చుతో మళ్లీ తీయించడం గురించి.

అయ్యా,

పోచంపల్లి చీరలకు తరతరాలుగా ఆసు పోసిన, అంటే మేకుల చట్రం మీద నూలు తిప్పిన స్త్రీల మీద నేను డాక్యుమెంటరీ తీస్తున్నాను. అందులో ప్రధానమైన, ఆసు పోసే ఒక పెద్దావిడ ఇంటర్వ్యూ చిత్రీకరణను మీ సంస్థకు అప్పగించాను. కెమెరా, లైట్లు, మనుషులు అంతా మీవారే. ప్రశ్నలు అడగడానికి మా పరిశోధకురాలు వెళ్లింది. గది ఫొటోలు, కొలతలు, ఎలాంటి చిత్రం కావాలో వివరించే పత్రం ముందే మీకు పంపాను. మీరిచ్చిన ఫుటేజీ మొత్తం చూశాక ఈ లేఖ రాస్తున్నాను. ఇందులో సినిమాకు పనికొచ్చే భాగం లేదు.

ఆ పెద్దావిడ కుర్చీని మీవారు గోడకు ఆనించి వేశారు. ఎదురుగా కుడి పక్క ఒకటి, ఎడమ పక్క ఒకటి ఎల్‌ఈడీ ప్యానెళ్లు పెట్టి, ముందు ఏ తెరా లేకుండా సమానమైన వెలుగుతో నేరుగా ముఖం మీదికి వేశారు. దాంతో ముఖంలో ఎత్తుపల్లాలు పోయాయి, ముడతలు మాత్రం గీతల్లా మిగిలాయి. వెనక గోడ మీద తల నీడలు రెండు పడ్డాయి. కళ్లద్దాల్లో రెండు తెల్లటి చతురస్రాలు కూర్చున్నాయి. ఆమె కళ్లు చూడాలనే కదా మేము అక్కడికి వెళ్లింది? మనవరాలి సంగతి చెబుతూ ఆవిడ కంటతడి పెట్టినప్పుడు కూడా మాకు కనిపించింది ఆ చతురస్రాలే.

గది చిన్నదని మీ సమన్వయకర్త ఫోనులో అన్నారు. ఆ గది పొడవు 14 అడుగులు, వెడల్పు 10 అడుగులు. దాని పొడవును వాడుకుని కుర్చీని గోడకు కనీసం 5 అడుగులు ముందుకు జరిపి ఉంటే నీడలు గోడ మీద ఆమె వెనకే నిలవకుండా కిందికి, పక్కకు జారేవి, వెనక ఉన్న వస్తువులు కొంచెం మసకబారి ఆమె విడిగా నిలిచేవారు. గది మూల నుంచి మూలకు ఐమూలగా కెమెరా పెడితే ఇంకో రెండు మూడు అడుగులు కలిసివచ్చేవి. చిన్న గదుల్లో ఇంటర్వ్యూలు తీసేవారు ముందుగా చూసుకునేది ఈ ఐమూలనే.

లైటు విషయానికి వస్తే, అక్కడ కావలసింది ఒక్క పెద్ద మెత్తటి వెలుగు. మూడు నాలుగు అడుగుల సాఫ్ట్‌బాక్స్ గానీ, ప్యానెల్ ముందు పరిచిన పల్చటి తెల్ల బట్ట గానీ చాలు. ఆమెకు నాలుగైదు అడుగుల దూరంలో, కళ్ల కంటే కాస్త ఎత్తులో దాన్ని నిలపాలి. ఏ పక్కన అన్నదే అసలు సంగతి. ప్రశ్నలు అడిగే మనిషి కెమెరాకు ఎడమ పక్కన కూర్చుంటే, లైటు ఆ మనిషికి అవతల, ఇంకా ఎడమగా ఉండాలి. అప్పుడు వెలుగు ముఖంలో కెమెరాకు దూరంగా ఉన్న చెంప మీద పడుతుంది, కెమెరా వైపు చెంప మెల్లగా నీడలోకి జారుతుంది. మనిషి కిటికీ పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టు ఉంటుంది. నీడ మరీ ముదిరితే అటువైపు తెల్ల థర్మాకోల్ షీటు ఒకటి నిలబెడితే సరిపోతుంది, రెండో లైటు అక్కర్లేదు. కళ్లద్దాల మెరుపు కూడా ఇలాగే తొలగుతుంది. అద్దం మీద వెలుగు ఏ కోణంలో పడితే అదే కోణంలో అవతలికి తిరిగిపోతుంది కాబట్టి, లైటును పైకి, పక్కకు జరుపుతూ మానిటర్‌లో చూస్తుంటే ఒక చోట మెరుపు మాయమవుతుంది. అప్పటికీ పోకపోతే కళ్లజోడు కాడలను చెవుల మీద కాస్త పైకెత్తితే అద్దాలు కిందికి వాలతాయి. రెండు నిమిషాల పని ఇది.

ఆమె వెనక ఆసు చట్రం ఉంది. అర్ధవృత్తంలో మేకులు నిలిచిన ఆ చట్రం మా సినిమాకు ప్రాణం. దాన్ని మీవారు ఆమె తలకు సరిగ్గా వెనకే రానిచ్చారు. ఫ్రేములో ఆ మేకులన్నీ ఆమె తల నుంచి మొలిచినట్టున్నాయి. కుర్చీని ముందుకు తెచ్చి కెమెరాను పక్కకు జరిపి ఉంటే చట్రం ఆమె భుజం పక్కన విడిగా నిలిచేది. పైన ప్లాస్టిక్ సంచి వేలాడుతోంది, పక్కన క్యాలెండరు, దాని కింద ఫోను చార్జరు తీగ. ఇల్లు ఖాళీ చేయించమని నేను అడగలేదు. ఆ పనికీ ఆ మనిషికీ సంబంధించినవి ఉండనిచ్చి, చూపును లాగేసే నాలుగు వస్తువులను ఇంటివారి అనుమతితో తీసి పక్కన పెట్టి, అయ్యాక మళ్లీ యథాస్థానంలో ఉంచమని పత్రంలో స్పష్టంగా రాశాను.

ట్రైపాడ్ నిలబడిన మనిషి ఎత్తున ఉంది, ఆమె కూర్చున్నది తక్కువ ఎత్తు కుర్చీ. అందువల్ల ఆ పెద్దావిడను మనం పైనుంచి చూస్తున్నట్టు ఉంది. లెన్సు ఆమె కళ్ల ఎత్తులో ఉండాలి. మా పరిశోధకురాలిని మీవారు కెమెరా వెనక నిలబెట్టారు కాబట్టి ఆ పెద్దావిడ ఇంటర్వ్యూ అంతా తలెత్తి పైకి చూస్తూనే మాట్లాడారు. అడిగే మనిషి లెన్సు పక్కనే, అదే ఎత్తులో కూర్చుంటే చూపు సహజంగా ఉండేది. పైగా 24 ఎంఎం లెన్సుతో దగ్గరికి వెళ్లి తీశారు. అంత దగ్గర నుంచి ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి. ఫుల్‌ఫ్రేము కెమెరాకు 50 ఎంఎం లెన్సుతో ఆరడుగుల దూరం నుంచి తీస్తే నడుము వరకు వచ్చేది, ముఖం ముఖంలా ఉండేది.

తల మీద మూడో వంతు ఖాళీ వదిలి, కింద ఛాతీ దగ్గర కోసేశారు. ఆసు ఎలా పోయాలో చెబుతూ ఆవిడ చేయి చాచి మేకు మేకుకూ నూలు తిప్పినట్టు చూపించారు. ఒక చీరకు వేలసార్లు అలా తిప్పితేనే ఆసు పూర్తవుతుంది, ఆ భుజాల నొప్పే మా సినిమా కథ. ఆ చేయి ఫ్రేములో లేదు.

కలర్ గ్రేడింగులో అన్నీ సరిచేస్తామని మీరు ఈమెయిల్‌లో రాశారు. నుదురు మీద వెలుగు హద్దు దాటి పూర్తిగా తెల్లబడిన చోట చర్మం వివరమే నమోదు కాలేదు. లేనిదాన్ని గ్రేడింగు తెచ్చిపెట్టలేదు. గోడ మీద జంట నీడలు, తల వెనక మేకులు, పైకెత్తిన చూపు రంగుల సమస్యలే కావు. ఇంకొకటి ఉంది. గదిలోని పాత ట్యూబులైటును ఆపలేదు, సెకనుకు 25 ఫ్రేములు అడిగితే 30 ఫ్రేముల్లో, 1/60 షట్టరుతో తీశారు. మన కరెంటు 50 హెర్ట్జ్, ఆ ట్యూబులైటు సెకనుకు 100 సార్లు వెలిగి తగ్గుతుంది. 1/50 షట్టరులో ప్రతి ఫ్రేముకూ సరిగ్గా రెండు మెరుపులు అందుతాయి కాబట్టి వెలుగు నిలకడగా ఉంటుంది. 1/60లో ఆ లెక్క కుదరదు. అందుకే ఫుటేజీలో గోడ మీద ముదురు పట్టీలు కదులుతున్నాయి. కెమెరా స్క్రీను మీద గోడను ఒక నిమిషం గమనించి ఉంటే అక్కడే తెలిసేది.

కాబట్టి మీరు చేయవలసినవి ఇవి. అనుభవమున్న వేరే ఛాయాగ్రాహకుడితో, పైన చెప్పిన అమరికతో, ఆ పెద్దావిడకు వీలైన రోజున, మీ ఖర్చుతో ఇంటర్వ్యూను మళ్లీ తీయించాలి. ప్రశ్నలు మొదలుపెట్టే ముందు ఒక నిమిషం పరీక్ష ఫుటేజీ తీసి నాకు ఫోనులో పంపాలి, నేను సరేనన్నాకే కొనసాగించాలి. ఆవిడ ఒక రోజు పని మానుకుని కూర్చున్నారు, మళ్లీ కూర్చోవాలి. రెండు రోజుల కూలినీ ఆవిడకు మీరే చెల్లించాలి. మీకు రావలసిన మిగిలిన సగం సొమ్మును అంతవరకు నిలిపివేస్తున్నాను. మళ్లీ తీయడం కుదరకపోతే, ఇచ్చిన అడ్వాన్సు 15 రోజుల్లో తిరిగి ఇవ్వండి. లోపాలున్న చోట్ల నుంచి తీసిన ఫ్రేములు, నేను ముందే పంపిన పత్రం నకలు ఈ లేఖతో జతచేశాను.

ఇట్లు,
డాక్యుమెంటరీ దర్శకురాలు