‘ఛప్రి’కి మీరు రాసిన అర్థం గురించి

సంపాదకులు గారికి,

మీ ఆదివారం అనుబంధంలో ‘కుర్రకారు నిఘంటువు’ అని కుర్రవాళ్ల తిట్లకు అర్థాలు రాసి, రంగుల బాక్సు కట్టి మరీ వేసిన అంశం వచ్చి చాలా రోజులే అయింది. అప్పుడే రాద్దామనుకున్నాను గానీ ఇంటర్నల్ పరీక్షల పేపర్లు దిద్దుతూ కుదరలేదు. ఈలోగా ఎవరో ఒకరు రాస్తారులే, లేకపోతే మీరే సవరణ వేస్తారులే అని ఎదురుచూశాను. రెండూ జరగలేదు సరికదా, తరవాతి ఆదివారం ‘పాఠకుల నుంచి విశేష స్పందన’ అంటూ ఇంకో డజను తిట్లు అచ్చేశారు. డ్రైనేజీ పొంగుతోందని మేం రాసే ఉత్తరాలకు ఈ స్పందన ఎప్పుడొస్తుందో!

నేను ఇంజినీరింగ్ కాలేజీలో ఇంగ్లీషు చెబుతాను. మీరు బాక్సు కట్టిన మాటలన్నీ రోజూ కారిడార్లో వింటూనే ఉంటాను. కొన్ని నా గురించే వింటాను. అందుకని తిట్లు విని ఉలిక్కిపడి రాస్తున్న ఉత్తరం కాదిది. కుర్రవాళ్లు తిట్టుకోవడం కొత్తా ఏమన్నానా? మీ వ్యాసకర్త చెప్పిన కారణాలే నాకు మింగుడుపడలేదు. ఇంగ్లీషు మోజు వల్ల తెలుగు తిట్లు చచ్చిపోతున్నాయట, ఈ తరానికి నిలకడ లేదు కాబట్టి వాళ్ల మాటలకీ లేదట. అయ్యా, ‘వేస్ట్‌గాడు’, ‘లూజ్‌గాడు’ ఇంగ్లీషు మాటలే కదా! మా చిన్నప్పుడూ ఉన్నాయి, ఇప్పుడూ నిక్షేపంగా ఉన్నాయి. ‘బేవర్స్’ ఉర్దూ నుంచి వచ్చింది, ‘పోరంబోకు’ రెవెన్యూ వాళ్ల భూమి లెక్కల్లోంచి వచ్చింది. అవీ ఎక్కడికీ పోలేదు. పరాయి మాట కాబట్టి నిలవదనేది ఉత్త మాట.

మరి ఏది పోతుంది? కొన్నేళ్ల కిందట ‘జఫ్ఫా’ అనని కుర్రాడు లేడు. సినిమాల్లో హాస్యనటుల నోట విని క్లాసులోకి మోసుకొచ్చారు. దాని అర్థమేమిటని అడిగితే ఒక్కడూ చెప్పలేకపోయాడు. చెప్పడానికి అందులో అర్థం ఉంటేగా! ఉన్నదల్లా ఆ నటుడు అనే తీరు, సాగదీసే సాగదీత, అన్నాక పెట్టే మొహం. అది విన్నవాడికి గుర్తొచ్చినంత కాలం తిట్టు పేలుతుంది. ఇంజినీరింగ్ నాలుగేళ్ల కోర్సు, ఏటా పాతవాళ్లు ఒక బ్యాచి వెళ్లిపోయి కొత్తవాళ్లు వస్తారు. ఆ సినిమా చూడని జూనియర్ ఒకడు ‘అంటే ఏంటన్నా?’ అన్న రోజున దాని పని అయిపోయినట్టే. జోకుని విడమరిచి చెప్పాల్సి వస్తే ఇంకేం మిగులుతుంది?

అదే సన్నాసి, దద్దమ్మ, శుంఠ, చవట లాంటివి చూడండి. వీటిని ఏ సినిమావాడూ నేర్పలేదు, ఇంట్లో అమ్మ నోటి నుంచి వచ్చాయి. ఎవణ్ని దద్దమ్మ అనాలో, ఎవణ్ని శుంఠ అనాలో వింటూ వింటూనే తెలిసిపోతుంది. చేతకానివాడు ఒకడు, బుర్రకెక్కనివాడు ఇంకొకడు. అలా ఫలానా రకం మనిషి అని పట్టి చూపించే తిట్టుకి ఆయుష్షెక్కువ. తిట్టు నిలుస్తుందో లేదో చూడటానికి నేనొక పరీక్ష పెడతాను. పక్కన ‘తనం’ చేర్చి చూస్తాను. సన్నాసితనం, చవటతనం అంటే చెవికి ఏ ఇబ్బందీ లేదు. జఫ్ఫాతనం అని ఎవరైనా అనగా విన్నారా? ‘గాడు’ మాత్రం దేనికైనా అతుక్కుంటుంది, దాన్ని నమ్ముకోకూడదు. నూబ్‌గాడు, క్రింజ్‌గాడు, ఫేక్‌గాడు, పొద్దున రీల్‌లో విన్న మాటకి సాయంత్రానికల్లా ‘గాడు’ తగిలించేస్తారు మా వాళ్లు.

రీల్స్‌లో వచ్చేవాటి జాతకం వేరు, అవి ఇంకా తొందరగా ముసలివవుతాయి. ‘బూమర్’నే తీసుకోండి. రెండో ప్రపంచ యుద్ధం తరవాత, 1946 నుంచి 1964 దాకా అమెరికాలో పుట్టిన తరాన్ని బేబీ బూమర్లు అంటారు. ఇళ్లూ ఉద్యోగాలూ వాళ్లు అనుభవించేసి, మాకు అప్పులూ నీతిబోధలూ మిగిల్చారని అక్కడి పిల్లలకు కోపం. ఆ కోపంలోంచి ‘ఓకే బూమర్’ పుట్టి 2019లో నెట్టంతా పాకింది. ఆ నవంబరులో న్యూజిలాండ్ పార్లమెంటులో వాతావరణ మార్పుల బిల్లు మీద మాట్లాడుతుంటే ఎవరో అడ్డుతగిలితే, క్లోయీ స్వార్‌బ్రిక్ అనే పాతికేళ్ల ఎంపీ ఆ రెండు ముక్కలూ అనేసి తన ప్రసంగం తాను కొనసాగించింది. అక్కడ దానికో పదునుంది. మన దగ్గరికొచ్చేసరికి ‘బూమర్ అంకుల్’ అయింది. బండి నెమ్మదిగా నడపరా అన్నవాడల్లా బూమరే. మా ల్యాబ్ అసిస్టెంటుకి ముప్ఫై కూడా నిండలేదు, రికార్డులు టైముకి ఇవ్వమన్నందుకు ఆయన్నీ బూమర్ని చేశారు. ఎవణ్నయినా అనొచ్చు అన్నాక ఇక ఆ తిట్టుకి ఎవడు ఉడుక్కుంటాడు? ఆయనా నవ్వి ఊరుకున్నాడు. ఆ తరవాత మా ప్రిన్సిపాల్ గారు ఫ్రెషర్స్ డే ఉపన్యాసంలో ‘ఈ బూమర్ మాట కూడా కాస్త వినండి’ అన్నారు. వెనక బెంచీల్లోంచి వచ్చిన మూలుగు నాకింకా గుర్తే. ఆ తరవాత మా క్యాంపస్‌లో ఆ మాట బాగా తగ్గిపోయింది.

అసలు కిటుకు ఇక్కడుంది, మీ వ్యాసకర్త పట్టుకోనిది ఇదే. ఈ తిట్లు సగం ఎదుటివాణ్ని తిట్టడానికి, సగం ‘మనం మనం ఒకటి’ అని చెప్పుకోవడానికి. ప్రిన్సిపాల్‌కీ తెలిసిపోయి, సబ్బుల ప్రకటనలోకీ ఎక్కితే ఆ రెండో సగం పోతుంది. ఇప్పుడు ప్రభుత్వ శాఖలు కూడా ఈ పోటీలోకి దిగాయి. హెల్మెట్ పెట్టుకోమనడానికి మీమ్, పన్ను కట్టమనడానికి మీమ్! దరఖాస్తుకి జవాబివ్వడానికి నెలలు పట్టే ఆఫీసు, ట్రెండింగ్ డైలాగు మీద పోస్టర్ మాత్రం గంటలో దింపుతుంది. మీరు అనుబంధంలో బాక్సు కట్టడం కూడా ఆ ఖాతాలోకే వస్తుంది. ఆ డజను మాటల్ని చంపిన పుణ్యంలో మీకూ వాటా ఉంది.

సెన్సార్ వారి సంగతి ఇంకా విచిత్రం. 2015లో బోర్డు సినిమాల్లో పలకకూడని మాటల జాబితా ఒకటి తయారుచేసి, సొంత సభ్యులే కాదనడంతో పక్కన పెట్టింది. బీప్‌లు మాత్రం ఆగలేదు. థియేటర్లో బీప్ పడగానే హాలంతా ఆ ఖాళీని ఎలుగెత్తి పూరిస్తుంది. బీప్‌కి దొరక్కుండా మాట చివర మార్చి పువ్వు పేరో, ముద్దు పేరో తగిలించిన ముసుగు తిట్లు బయల్దేరాయి. ‘ఎర్రిపుష్పం’ వెనకున్న అసలు మాటేమిటో నేను రాయను, రాసినా మీరు వేయరు. కానీ అది ఇప్పుడు ఏడో తరగతి పిల్లలు అమ్మ ఎదురుగా అనేస్తున్నారు, అమ్మ కూడా నవ్వుతోంది. ముసుగు వేయకపోతే ఆ మాట ఇంట్లోకి వచ్చేదా? ఓటీటీలో అయితే ముసుగు కూడా అక్కర్లేదు. వాటికి బోర్డు సర్టిఫికెట్ అవసరం లేదు, 2021 ఐటీ నిబంధనల ప్రకారం ఏ వయసువారికో వాళ్లే ముద్ర వేసుకుంటారు. ఆ ముద్ర చూసి ఫోన్ పక్కన పెట్టే పద్నాలుగేళ్ల పిల్లవాడు ఎక్కడైనా ఉంటే చూపించండి, సన్మానం చేద్దాం.

ఇంగ్లీషు గురించి కూడా ఒక ముక్క. మొన్న కాలేజీ గేటు దగ్గర ఇద్దరి బళ్లు రాసుకున్నాయి. ‘బ్రో, ఆర్ యూ బ్లైండ్?’ అని మొదలైంది. రెండోవాడు ‘చిల్ బ్రో, నూబ్‌లా నడిపింది నువ్వే’ అన్నాడు. అద్దం విరిగిందని చూసుకునేదాకా ఇద్దరూ ఇంగ్లీషులోనే ఉన్నారు. చూసుకున్నాక తెలుగులోకి దిగారు, ఒకరి ఇంట్లో ఆడవాళ్లను ఇంకొకరు ఏకరువు పెట్టారు. రెండు భాషల్లో బతికే పిల్లలకి ఇంగ్లీషు తిట్టు దూదితో కొట్టినట్టే ఉంటుంది, కోపం నిజమైతే అమ్మభాషే బయటికొస్తుంది. తెలుగు తిట్లు చచ్చిపోతున్నాయని బెంగపడే మీ వ్యాసకర్తని ఒక సాయంత్రం మా గేటు దగ్గర నిలబడమనండి.

ఇక నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం. మీ బాక్సులో ఆరో మాట ‘ఛప్రి’. ‘చవకబారు స్టైలు కొట్టేవాడు, సరదా పదం’ అని రాశారు. జుట్టుకి రంగేసుకుని, పాత స్పోర్ట్స్ బైకు మీద రీల్స్ చేసుకునే పేద కుర్రవాళ్లని ఇంగ్లీషు మీడియం పిల్లలు అనే మాట అది. సరదా ఎవరికి? ఆ మాట ఛప్పర్‌బంద్ అనే సంచార కులం పేరులోంచి వచ్చిందని ఆ వర్గాల గురించి రాసేవాళ్లు మొత్తుకుంటూనే ఉన్నారు. ఛప్పర్ అంటే పూరికప్పు, అది నేయడం వాళ్ల వృత్తి. మహారాష్ట్ర, కర్ణాటకల్లో ఉన్నారు. 1871లో మొదలైన నేరస్థ తెగల చట్టం కింద తెల్లవాళ్లు పుట్టుకతోనే దొంగల ముద్ర వేసిన కులాల్లో వాళ్లూ ఉన్నారు. 1952లో ఆ చట్టం పోయింది. స్టువర్టుపురం కథ తెలిసిన తెలుగువాళ్లకి ఆ చట్టం సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు.

మా క్లాసులో ఈ సంగతి చెబితే ఒక అబ్బాయి ‘ఎలాగూ ఆర్నెల్లలో పోతుంది కద మేడమ్’ అన్నాడు. నిజమే, పోతుంది. అప్పుడే కొంత పాతబడింది. కానీ ‘జఫ్ఫా’ పోతే ఎవరికీ ఏమీ కాదు, ఇది పోయినా ఆ పేరు మోసేవాళ్లు ఉంటారు. వాళ్ల పిల్లవాడు ఏ హాస్టల్లోనో చేరి కులం కాలమ్ నింపేటప్పుడు పక్కవాడికి గుర్తొచ్చేది మీరు రాసిన అర్థమే. మన దగ్గర బీసీ జాబితాలో పిచ్చికుంట్ల పక్కన వంశరాజ్ అనే పేరు ఊరికే చేరిందా? కులం పేరునే తిట్టు చేసిన ఘనత మనకూ ఉంది.

నిఘంటువు అని పేరు పెట్టినప్పుడు అర్థం సరిచూసే మనిషి ఒకరు డెస్కులో ఉండాలి. ఒకప్పుడు ఉండేవారు, ఒత్తు తప్పినా ఫోన్ చేసి క్షమాపణ చెప్పేవారు. ఇప్పుడు ఫోన్ ఎత్తే దిక్కే లేదు. ‘ఛప్రి’ కింద మీరు రాసింది తప్పని, అది ఒక కులం పేరు నుంచి వచ్చిందని, అదే అనుబంధంలో అదే సైజు బాక్సు కట్టి వేయండి. ఏడో పేజీ అడుగున, టెండరు ప్రకటన పక్కన చీమ తలకాయంత అక్షరాల్లో వేస్తే మాత్రం మళ్లీ రాస్తాను. ఈసారి పేపర్లు దిద్దడం కూడా అయిపోయింది.

ఇట్లు,
మీ పాత చందాదారు, ఇంగ్లీషు అధ్యాపకురాలు