పీరియడ్ చివరి చీటీకి మార్కులెందుకు?

సంపాదకులకు,

అయ్యా,

తెలంగాణ బడుల్లో ఏడాదికి నాలుగు ఎఫ్ఏలు, రెండు ఎస్ఏలు జరుగుతాయి. ఎస్ఏ అంటే సమ్మేటివ్ అసెస్‌మెంట్, పాఠాలు ముగిశాక పెట్టే పరీక్ష. ఎఫ్ఏ అంటే ఫార్మేటివ్ అసెస్‌మెంట్. పాఠం నడుస్తుండగానే పిల్లలకు ఏం అందింది, ఏం అందలేదు అని చూసుకొని మర్నాటి పాఠాన్ని దానికి తగ్గట్టు మార్చుకోవడం దాని పని. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్‌లో నిరంతర సమగ్ర మూల్యాంకనం అన్నారంటే ఉద్దేశం ఇదే. ఆచరణలో ఎఫ్ఏ చిన్న సైజు పరీక్ష అయిపోయింది. పేపర్లు దిద్ది మార్కులు ఎక్కించేసరికి టీచరు రెండు పాఠాలు ముందుకు వెళ్లిపోయి ఉంటారు. దశాంశాల్లో ఎనిమిదిమందికి తక్కువ మార్కులొచ్చాయని అప్పుడు తెలుస్తుంది. ఎందుకొచ్చాయో అప్పటికీ తెలియదు.

దీనికి విరుగుడుగా ఈమధ్య శిక్షణ తరగతుల్లో ఎగ్జిట్ టికెట్ మాట వినపడుతోంది. పీరియడ్ చివర ఒక ప్రశ్న, ఒక చీటీ, బెల్ కొట్టేలోపు సేకరణ. మంచిదే. చిక్కంతా ఆ చీటీ మీద ఏం అడుగుతున్నామన్న దగ్గరే ఉంది. ‘ఈరోజు ఏం నేర్చుకున్నారు?’ అని అడిగితే పిల్లలు బోర్డు మీద ఉన్న పాఠం పేరు రాసిస్తారు. ‘అర్థమైందా?’ అంటే అర్థమైందనే రాస్తారు, అర్థం కాలేదని రాసే ధైర్యం ఏ పిల్లకుంటుంది? నిర్వచనం అడిగితే బట్టీ వచ్చో రాదో తెలుస్తుంది, అంతే.

ఆరు, ఏడు తరగతుల్లో దశాంశ సంఖ్యలను పోల్చడం చెప్పే రోజు తీసుకుందాం. ‘0.75, 0.5 లలో ఏది పెద్దది?’ అని అడిగారనుకోండి. క్లాసు దాదాపు మొత్తం 0.75 అని రాస్తుంది. టీచరు తృప్తిగా కూడికలకు వెళ్తారు. కానీ అలా రాసినవాళ్లలో ‘75 కంటే 5 చిన్నది కదా’ అనుకున్న పిల్లలూ ఉన్నారు. పాయింట్ తర్వాతి అంకెలను మామూలు పూర్ణసంఖ్యలా చదివిన తప్పు ఆలోచనతోనే సరైన జవాబు వచ్చేసింది. అలాంటి ప్రశ్న చీటీకి పనికిరాదు. ప్రశ్న రాసిన టీచరు ముందు తానే దాన్ని రెండు మూడు రకాలుగా తప్పుగా చేసి చూడాలి. తప్పు దారిన పోయినా ఒప్పు జవాబే వస్తుంటే ఆ ప్రశ్న తీసేయాలి.

అంకెలు మార్చి 0.6, 0.45 అని ఇస్తే పై పిల్లలు బయటపడతారు. ఆరు కంటే నలభై ఐదు పెద్దది కాబట్టి 0.45 అంటారు. అయితే ఈ ప్రశ్న ఒక్కటే ఇచ్చి ఊరుకుంటే ఇంకో రకం తప్పు దాక్కుంటుంది. పదో వంతు కంటే వందో వంతు చిన్నదని కొందరు సరిగ్గానే నేర్చుకొని ఉంటారు. అక్కడినుంచి ‘వందో వంతుల్లో ఉన్న ఏ సంఖ్య అయినా చిన్నదే’ అనే నిర్ణయానికి వచ్చేస్తారు. వీళ్ల లెక్క ప్రకారం పాయింట్ తర్వాత అంకెలు తక్కువున్నదే పెద్ద సంఖ్య. 0.6, 0.45 లలో వీళ్లు 0.6 అని సరిగ్గా రాసేస్తారు, కారణం మాత్రం తప్పు. అందుకే రెండో జత కావాలి: 0.3, 0.47. ఇక్కడ వీళ్లు 0.3 అంటారు, మొదటి రకం పిల్లలు 0.47 అని ఒప్పు రాస్తారు.

రెండు జతలూ కలిపి చూస్తే చీటీ దానంతటదే మాట్లాడుతుంది. 0.45, 0.47 అని రాసినవారు ‘పొడవైనది పెద్దది’ రకం. 0.6, 0.3 అని రాసినవారు ‘పొట్టిది పెద్దది’ రకం. 0.6, 0.47 అంటే రెండూ ఒప్పు. 0.45, 0.3 అని రాస్తే ఊహించి రాశారో, ప్రశ్నే తెలియలేదో అడిగి చూడాలి. ఊరికే ఊహించి రాసినా నలుగురిలో ఒకరికి రెండూ ఒప్పు పడతాయి కాబట్టి ‘ఎందుకు?’ అని ఒక్క వాక్యం రాయించాలి. ఇంగ్లిష్ మీడియం క్లాసైనా ఆ వాక్యం తెలుగులో రాయనివ్వాలి. లేకపోతే ఆ పిల్లకు రానిది లెక్కో, భాషో తేలదు.

ఇందులో మన నోటి తప్పు కూడా కొంత ఉంది. 0.45 ను చాలామందిమి ‘పాయింట్ నలభై ఐదు’ అని చదువుతాం. నలభై ఐదు అన్న మాట చెవిన పడ్డాక పిల్ల దాన్ని ఆరుతో పోల్చకుండా ఎలా ఉంటుంది? ‘పాయింట్ నాలుగు ఐదు’ అని చదవడం ఆ పాఠం మొదటిరోజు నుంచే అలవాటు చేయాలి. రూపాయలు పైసల ఉదాహరణ కూడా జాగ్రత్తగా వాడాలి. రెండంకెల దాకా అది బాగానే పనిచేస్తుంది. పాయింట్ తర్వాత మూడో అంకె రాగానే డబ్బులో దానికి చోటు లేదు. 1.734, 1.736 రెండూ సమానమే అనే పిల్లలు అక్కడినుంచే తయారవుతారు.

నిర్వహణకు పెద్ద ఖర్చేమీ లేదు. ఒక ఏ4 కాగితాన్ని ఎనిమిది ముక్కలు చేస్తే నలభైమందికి ఐదు కాగితాలు చాలు. ప్రశ్న బోర్డు మీదే రాయొచ్చు. బెల్‌కు ఐదారు నిమిషాల ముందు మొదలుపెట్టాలి. చివరి నిమిషంలో ఇస్తే పిల్లలు ఒక చేత్తో బ్యాగు సర్దుకుంటూ రాస్తారు. పక్కవాళ్లవి చూసి రాసే బాధ తప్పించాలంటే కుడివైపు వరుసలకు ఈ రెండు జతలు, ఎడమవైపు వరుసలకు అదే పోలికలో వేరే రెండు జతలు ఇవ్వాలి. పేరు రాయించాలి, మార్కు వేయకూడదు. ఎర్ర పెన్ను తీయకూడదు కూడా. ‘ఇందులో తప్పు రాస్తే ఏమవుతుంది?’ అన్న భయం పుట్టిందంటే చీటీ మీద పక్కవాడి జవాబు వస్తుంది, తన ఆలోచన రాదు.

సేకరించిన చీటీలను దిద్దరు, కుప్పలు పోస్తారు. రెండు జవాబులు, ఒక వాక్యం చూసి ఏ కుప్పలో వేయాలో నిర్ణయించడానికి చీటీకి పది సెకన్లు పట్టిందనుకున్నా నలభైకి ఏడు నిమిషాలు దాటవు. మధ్యాహ్న భోజనం విరామంలోనో, స్టాఫ్‌రూంలో టీ తాగుతూనో అయిపోయే పని. అంతకుమించి సమయం తింటోందంటే ప్రశ్న పొడుగైందని లెక్క.

మర్నాడు ఏం చేయాలన్నది కుప్పల ఎత్తును బట్టి ఉంటుంది. ఒకే తప్పు క్లాసులో మూడోవంతు మందికి మించి చేస్తే అది పిల్లల తప్పుకంటే పాఠం తప్పు. పది నిమిషాలు అందరికీ మళ్లీ చెప్పాలి. నలుగురైదుగురే అయితే మిగతావాళ్లకు అభ్యాసం ఇచ్చి వీళ్లను ఒక బల్ల దగ్గరకు పిలవాలి. సరిహద్దు మూడోవంతే ఎందుకని అడిగితే శాస్త్రమేమీ లేదు, పనికొచ్చే కొలత అంతే.

రెండు తప్పులకూ పనిముట్టు ఒకటే, వంద గళ్ల చదరం. అడిగే ప్రశ్న మాత్రం వేరు. పొడవైనది పెద్దదనే పిల్లలు 0.6 కు ఆరు నిలువు వరుసలు, 0.45 కు నాలుగు వరుసలూ ఐదు గళ్లూ రంగు వేస్తారు. అప్పుడు వాళ్లను అడగాల్సింది, ‘ఆరు వరుసల్లో చిన్న గళ్లు ఎన్ని?’ అరవై అని లెక్కబెట్టిన పిల్ల నలభై ఐదు పెద్దదని ఇక పట్టుబట్టదు. ‘పొట్టిది పెద్దది’ పిల్లలకు ఈ ప్రశ్న వేస్తే లాభం తక్కువ. వందో వంతు చిన్నదని వాళ్లకు తెలిసిందే, ఆ మాట తప్పు కాదు. అలాంటివి ఎన్ని ఉన్నాయో చూడటం మర్చిపోయారు. వాళ్లతో 0.47 కు రంగు వేయించి, ‘నిండిన వరుసలే ఎన్ని వచ్చాయి? 0.3 లో ఎన్ని?’ అని అడగాలి. నాలుగు వరుసలు నిండాక ఇంకా ఏడు గళ్లు మిగలడం కంటికి కనపడుతుంది. ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టి ఒకే మాట చెబితే ఒక కుప్పలోని పిల్లలు రెండో కుప్పలోకి మారే ప్రమాదం ఉంది. ‘పొడవైనది పెద్దది కాదు’ అని గట్టిగా చెప్పిన పాఠం నుంచి ‘అయితే పొట్టిదే పెద్దదన్నమాట’ అని తీసుకోవడం పిల్లలకు చాలా సులువు.

సరిదిద్దాక మళ్లీ తూకం వేయాలి, అవే అంకెలతో కాదు. ఈసారి 0.7, 0.125 ఒక జత. 0.4, 0.613 ఇంకో జత. మూడంకెలు ఎందుకంటే, సున్నా చేర్చి రెండంకెలు చేసేయాలన్న కిటుకును మాత్రమే పట్టుకున్నవాళ్లు ఇక్కడ తడబడతారు. దీనికి చీటీ కూడా అక్కర్లేదు. చిన్న తరగతుల్లో పలక చాలు, అందరూ ఒకేసారి పైకెత్తితే అర నిమిషంలో కనపడుతుంది. పెద్ద తరగతుల్లో మూడు జవాబులిచ్చి ఛాతీ దగ్గర ఒకటి, రెండు, మూడు వేళ్లు చూపించమనొచ్చు. చేయి పైకెత్తమంటే ముందు తెలివైనవాడి చెయ్యి లేస్తుంది, మిగతా చేతులు దాన్ని చూసి లేస్తాయి.

ఇది లెక్కలకే పరిమితమూ కాదు. పదో తరగతి విద్యుత్తు పాఠంలో ఒకే రకం బల్బులు రెండు శ్రేణిలో కలిపి, ఏది ఎక్కువ వెలుగుతుందని అడిగి చూడండి. రెండూ ఒకేలా వెలుగుతాయి. బ్యాటరీ ప్లస్‌కు దగ్గరున్నదే అని రాసినవారు కరెంటు మొదటి బల్బులో కొంత ఖర్చవుతుందని అనుకుంటున్నారు. ఓమ్ నియమం లెక్కల్లో ఆ పిల్లలకే పూర్తి మార్కులు వస్తుండొచ్చు.

సిలబస్ పూర్తికాదన్న అభ్యంతరం న్యాయమైనదే. రోజూ ప్రతి పీరియడ్‌లో చీటీ పెట్టమనడం తెలివితక్కువ. పాఠ్యాంశంలో తర్వాతివన్నీ ఆధారపడే మలుపులు రెండో మూడో ఉంటాయి, దశాంశాల్లో ఈ పోలిక అలాంటిది. అక్కడ పెడితే చాలు.

విద్యాశాఖను కోరేది రెండే. చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో ఉపన్యాసాలకు పోయే సమయంలో ఒక పూట, సబ్జెక్టు టీచర్లు కూర్చొని రాబోయే నెల పాఠాలకు ఇలాంటి ప్రశ్నల జతలు రాసుకునే వీలు కల్పించాలి. ఒక్కరే కూర్చొని తప్పు దారులన్నీ ఊహించడం కష్టం, పదిమంది తమ క్లాసు చీటీలు తెచ్చి బల్ల మీద పోస్తే గంటలో తేలుతుంది. రెండోది, ఆ చీటీలకు రిజిస్టరు పెట్టమని, ఫొటోలు తీసి గ్రూపులో పెట్టమని, వాటి మార్కులు ఆన్‌లైన్‌లో ఎక్కించమని దయచేసి అడగొద్దు.

ఇట్లు,
గణిత ఉపాధ్యాయులు,
వరంగల్ జిల్లా