ఇసుక రిపోర్ట్‌లో 5.8 అంటే ఏ 5.8?

సంపాదకుడు గారికి నమస్కారం,

నేను కాంక్రీట్ మెటీరియల్ టెస్టింగ్ ల్యాబ్‌లో ఇరవై ఏళ్లకి పైగా పని చేశాను. గవర్నమెంట్ డబ్బుతో కట్టే స్కూళ్లు, ఆస్పత్రుల ఫైళ్లలో ఇసుక టెస్ట్ రిపోర్ట్ ఒకటి తప్పకుండా ఉంటుంది, కానీ దాన్ని చదివేవాళ్లు చాలా తక్కువ, చాలామంది సీల్ ఉందా సంతకం ఉందా అని చూసి ఊరుకుంటారు. అందుకే ఈ ఉత్తరం.

ఒక స్కూల్ బిల్డింగ్ స్లాబ్ పనిలో జరిగింది చెప్తాను. ఫైల్లో ఉన్న రిపోర్ట్ ప్రకారం రవ్వ సైజుని బట్టి ఇసుక జోన్ 2, సిల్ట్ అంటే ఇసుకలో కలిసిన సన్న మట్టి 2.1 శాతం, అంతా బాగుంది. కానీ సైట్‌లో దిగిన ఇసుక గుప్పిట్లో పట్టి పిండి వదిలితే అరచేతికి మట్టి మరక అంటుకుంటోంది. మంచి ఇసుక అయితే చెయ్యి దులిపితే పోవాలి. ఆ రిపోర్ట్ కింద చూస్తే శాంపిల్ తెచ్చింది కాంట్రాక్టరే, తేదీ రెండు నెలల కిందటిది. అంటే ఆ రిపోర్ట్ ఆ రోజు సంచిలో వచ్చిన ఇసుకది, ఇప్పుడు కుప్పగా పోసిన ఇసుకది కాదు.

అక్కడే సీసా టెస్ట్ చేశాం. ఇది ఎవరైనా చెయ్యొచ్చు. 250 మిల్లీలీటర్ల కొలత సీసాలో ఒక శాతం ఉప్పు కలిపిన నీళ్లు 50 గీత దాకా పోసి, ఇసుక 100 గీత దాకా వచ్చేలా వేసి, మళ్లీ అదే ఉప్పునీళ్లు 150 దాకా పోసి, మూత పెట్టి గట్టిగా ఊపి కదపకుండా మూడు గంటలు వదిలెయ్యాలి. అడుగున ఇసుక, దాని మీద మెత్తటి మట్టి పొర విడిగా కనపడతాయి. మాకు ఇసుక 96 దగ్గర ఆగింది, పైన మట్టి పొర 11, అంటే దాదాపు 11.5 శాతం. చాలాచోట్ల తొందరపడి అరగంటకే రీడింగ్ తీసేస్తారు, అప్పటికి నీళ్లు ఇంకా మురికిగానే ఉంటాయి, సన్న మట్టి ఇంకా నీళ్లలోనే తేలుతుంటుంది, అది లెక్కలోకే రాదు.

తర్వాత కుప్పలో పైపైన కాకుండా లోపల్నించి, నాలుగైదు చోట్ల తీసి కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు భాగాలు ఉంచుకుని శాంపిల్ తగ్గించి ల్యాబ్‌కి పంపాం, ఈసారి ఇద్దరి సంతకాలతో సంచి సీల్ చేసి. ల్యాబ్‌లో ఆరబెట్టిన 500 గ్రాముల ఇసుకని 75 మైక్రాన్ జల్లెడ మీద నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగి మళ్లీ ఆరబెడితే 471 గ్రాములు మిగిలింది, 29 గ్రాములు కొట్టుకుపోయింది. 5.8 శాతం.

ఇక్కడే అసలు గొడవ మొదలైంది. కాంట్రాక్టర్ మనిషి ఏమన్నాడంటే, "సార్, 8 శాతం దాకా ఓకే కదా, మాది 5.8 ఏ కదా" అని. పక్కన ఉన్న సైట్ ఇంజనీర్ కూడా తలూపాడు. కానీ ఆ 8 శాతం అనేది సీసా టెస్ట్‌కి, అంటే ఘనపరిమాణం లెక్కకి చాలా పనుల్లో పెట్టుకునే హద్దు. ల్యాబ్‌లో వచ్చిన 5.8 బరువు లెక్క, దానికి కాంక్రీట్‌లో వాడే ఇసుక, కంకరలకి మన దేశ ప్రమాణం అయిన ఐఎస్ 383 ప్రకారం నదీ ఇసుకకి హద్దు 3 శాతం. మట్టి సీసాలో వదులుగా పేరుకుంటుంది కాబట్టి ఎత్తు ఎక్కువ కనపడుతుంది, బరువు తూస్తే తక్కువ వస్తుంది, ఒక లెక్కలో వచ్చిన అంకెని ఇంకో లెక్క హద్దుతో పోల్చకూడదు. మా ఇసుక నిజానికి రెండు లెక్కల్లోనూ ఫెయిల్. రిపోర్ట్‌లో "సిల్ట్ ఇంత శాతం" అని మాత్రమే రాసి బరువా ఘనపరిమాణమా అని రాయకపోతే ఆ రిపోర్ట్‌ని వెనక్కి పంపాల్సిందే అని నా అభిప్రాయం.

రోబో శాండ్ విషయంలో మాత్రం హద్దు వేరు, అక్కడ 75 మైక్రాన్ కన్నా సన్న పొడి 15 శాతం దాకా ఒప్పుకుంటారు, ఎందుకంటే అది రాతి పొడి, బంకమట్టి కాదు. అలాగని ఆ 15 తెచ్చి నదీ ఇసుకకి పెట్టేవాళ్లని కూడా చూశాను.

ఇక గ్రేడేషన్. అంటే ఇసుకలో లావు రవ్వ ఎంత, సన్న రవ్వ ఎంత అని వరసగా జల్లెడలు పట్టి చూడటం. ఇసుక ఏ జోన్ అన్నది తేల్చేది 600 మైక్రాన్ జల్లెడ, రిపోర్ట్‌లో ఆ వరస చూస్తే చాలా వరకు అర్థమైపోతుంది. మా వెయ్యి గ్రాముల్లో ఆ జల్లెడ మీదా దాని పై జల్లెడల మీదా కలిపి 340 గ్రాములు ఆగింది, 660 గ్రాములు కిందకి పోయింది, అంటే 66 శాతం. 35 నుంచి 59 మధ్య ఉంటే జోన్ 2, 60 నుంచి 79 ఉంటే జోన్ 3. మిక్స్ డిజైన్, అంటే సిమెంట్, ఇసుక, కంకర, నీళ్లు ఏ పాళ్లలో కలపాలన్న లెక్క చేసింది జోన్ 2 ఇసుకతో, వచ్చింది జోన్ 3.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తాను, జోన్ మారినంత మాత్రాన ఇసుక చెడ్డది కాదు. జోన్ 3 ఇసుకతో మంచి కాంక్రీట్ వస్తుంది, కాకపోతే ఇసుక పాలు తగ్గించి కంకర పెంచి మిక్స్ మళ్లీ చేసి ట్రయల్ వెయ్యాలి. అది చెయ్యకుండా పాత కొలతలతోనే కలిపితే సన్న రవ్వకి తడి ఎక్కువ కావాలి, కాంక్రీట్ బిగుసుకుపోయినట్టు ఉంటుంది, మేస్త్రీ పైపు తీసి నీళ్లు కొడతాడు, సిమెంట్ అంతే ఉండి నీళ్లు పెరిగాయి కాబట్టి బలం పడిపోతుంది. జోన్ 4 ఇసుక అయితే ఇంకా జాగ్రత్త, ట్రయల్ మిక్స్‌తో రుజువు కాకుండా స్లాబ్‌లు బీముల్లో వాడకూడదు.

మట్టి సంగతి అలా కాదు, దానికి మిక్స్ మార్చి సర్దుకోవటం కుదరదు. మట్టి రవ్వ చుట్టూ పొరలా అంటుకుంటే సిమెంట్ ఆ మట్టిని పట్టుకుంటుంది గానీ రవ్వని పట్టుకోదు. పైగా నీళ్లు తాగుతుంది, ఆరాక కుంచించుకుని పగుళ్లు ఇస్తుంది. కొంత నీళ్లతో పాటు పైకి తేలి స్లాబ్ మీద బలం లేని పొరలా ఆరుతుంది, చీపురు వేసినప్పుడల్లా పొడి రాలే ఫ్లోరింగ్‌లకి ఒక కారణం ఇదే. కంకరకి కూడా దుమ్ము పట్టి ఉంటే ఇదే కథ, అక్కడ హద్దు ఇంకా తక్కువ, బరువులో 1 శాతం.

మేం అదే కుప్ప నుంచి ఇంకో శాంపిల్ తీసి మళ్లీ కడిగించాం, 5.5 వచ్చింది. రెండోసారీ ఫెయిల్ కాబట్టి రిజెక్ట్ అని రాసిచ్చాం. కడిగి తెస్తామన్నారు, సరే అన్నాం, కానీ కుప్పని సైట్ బయటికి పంపేశాకే, ఎందుకంటే రిజెక్ట్ చేసిన ఇసుక అక్కడే ఉంటే మర్నాడు పొద్దున్నకి మంచి ఇసుకలో కలిసిపోతుంది, అది నేను చాలాసార్లు చూశాను. కడిగి తెచ్చాక 2.4 వచ్చింది. సన్న రవ్వ కూడా కొంత పోయింది కాబట్టి జల్లెడలు మళ్లీ పట్టాం, 600 మైక్రాన్ కింద 63, ఇంకా జోన్ 3 నే, అందుకని మిక్స్ మార్చాకే స్లాబ్ వేశారు. పని ఆరు రోజులు ఆగింది.

మీ పత్రిక ద్వారా అధికారులని అడిగేది ఇదే. పబ్లిక్ బిల్డింగ్ సైట్ బోర్డు మీద కాంట్రాక్ట్ విలువ రాసినట్టే ఇసుక రిపోర్ట్ కూడా పెట్టండి, శాంపిల్ ఎవరు ఎప్పుడు ఏ లోడు నుంచి తీశారో, 600 మైక్రాన్ అంకె ఎంతో, సిల్ట్ బరువు లెక్కో సీసా లెక్కో అందులో ఉండాలి. కొత్త లోడు దిగినప్పుడల్లా సీసా టెస్ట్ చేసి, ఆ మూడు గంటలు అయ్యేదాకా మిక్సర్ స్టార్ట్ చెయ్యకుండా ఆర్డర్ ఇవ్వండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ల్యాబ్ టెక్నీషియన్